బాపమ్మ వేలిముద్ర, సాక్షి సంతకం

నేను కరీంనగర్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మాది ఉట్నూర్ దిక్కు ఒక గూడెం. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. అందుకే ఎవరికి ఏ ఫారం వచ్చినా "మన పోరడు చూస్తడు" అని నాకే పంపుతరు. ఈ పోస్ట్ మా బాపమ్మ బ్యాంకు ఖాతా గురించి. పొడుగుంటది, కానీ మన ఇండ్లల్ల చాలామందికి పనికొస్తదని రాస్తున్న.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల పోడు పట్టాల పంపిణీ మొదలైంది గదా. తర్వాత కొన్ని రోజులకే మా బాపమ్మకు రెండెకరాల పట్టా వచ్చింది. రైతుబంధు పడాలంటే ఆమె పేరు మీద ఖాతా కావాలె. అప్పటిదాకా అన్ని డబ్బులు తాత ఖాతాలనే పడేవి, తాత అంతకుముందు ఏడే పోయిండు. బాపమ్మకు అక్షరం రాదు. తెలుగు మాట్లాడుతది గని గోండిల ఉన్నంత ధైర్యం తెలుగుల ఉండదు.

నేను అప్పుడు ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికాడనే ఉన్న. ఆధార్, ఉపాధి జాబ్ కార్డు, రెండు ఫోటోలు పట్టుకొని పోయినం. ఫారం నేనే నింపిన. సంతకం కాడ ఇంకు ప్యాడ్ మీద వేలు పెట్టించిండ్రు. "మగోళ్లకు ఎడమ బొటనవేలు, ఆడోళ్లకు కుడి బొటనవేలు" అన్నడు క్లర్కు. మొదటిసారి ఇంకు ఎక్కువై నల్లటి మరకనే పడ్డది, గీతలు కనబడలే. వేలిని ప్యాడ్ మీద తేలికగా ఆనించి, కాగితం మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మెల్లగ దొర్లిస్తే గీతలు మంచిగ పడతయ్. ఒత్తద్దు. (ఆ కౌంటర్ పక్క గోడ మీద నల్లటి వేలి మరకలు ఎన్నున్నయో. అందరూ అక్కడనే తుడిచి పోతరు. బాపమ్మ మాత్రం తలకు రాసుకుంది.)

అప్పుడు క్లర్కు "సాక్షి ఎవరు?" అన్నడు. నేనున్న గదా అన్న. "నీకు ఈ బ్రాంచిల ఖాతా ఉందా? మాకు తెలిసినోళ్లు కావాలె" అన్నడు. అసలు సంగతి ఇదే. సాక్షి అంటే జమానతు కాదు, అప్పుకు బాధ్యుడు కాదు. ముద్ర పెట్టిన మనిషి ఫలానా ఆమెనే, నా కండ్ల ముందు పెట్టింది, కాగితంల ఏమున్నదో ఆమెకు చదివి చెప్పిన అని ఒప్పుకునేటోడు. ఆ సాక్షిని బ్యాంకు గుర్తుపడితేనే ఆ మాటకు విలువ.

మాకు తెలిసిన ఖాతాదారు ఒక్కడే కనబడ్డడు, మేము పత్తి విత్తనాలు ఉద్దెర తెచ్చే షావుకారు. సంతకం పెట్టిండు. ఖాతా అయ్యింది. సున్నా బ్యాలెన్స్ ఖాతా, పాస్‌బుక్ మీద బాపమ్మ ఫోటో అంటించి ముద్ర వేసిండ్రు. చెక్‌బుక్ ఇయ్యలే, వేలిముద్ర ఖాతాలకు మామూలుగా ఇయ్యరు. "పాస్‌బుక్ నా కాడ ఉంటది, పైసలు పడంగనే చెప్త" అన్నడు షావుకారు. నేను కూడా సరే అన్న. ఇప్పటికీ ఆ "సరే" నాకు గుచ్చుకుంటది.

నేను కరీంనగర్ వచ్చిన. దసరాకు పోతే బాపమ్మ చెప్పింది: "ఎనిమిది వేలు పడ్డయట. మూడు వేల అయిదు వందలు బాకీ పట్టుకొని నాకు తొమ్మిది అయిదు వందల నోట్లు ఇచ్చిండు." అంటే 4,500. ఎకరానికి 5,000 చొప్పున రెండెకరాలకు 10,000 రావాలె గదా, నాకు అనుమానం వచ్చింది. పాస్‌బుక్ అడిగి తెచ్చి బ్యాంకుల ప్రింట్ వేయించిన. జమ 10,000. అదే వారం విత్‌డ్రా 10,000.

మేనేజర్ విత్‌డ్రాయల్ ఫారం తీసి చూపించిండు. వేలిముద్ర బాపమ్మదే. సాక్షి సంతకం ఉన్నది. బాపమ్మ కూడా ఆ రోజు బ్యాంకుకు వచ్చింది, వేలిముద్ర ఖాతాల మనిషి స్వయంగా రానిది పైసలియ్యరు. కాగితం అంతా ఖరారుగా ఉన్నది. తప్పు కాగితంల లేదు, కాగితానికి ముందు ఉన్నది. బాపమ్మ ముద్ర పెట్టినప్పుడు ఫారం ఖాళీగా ఉండె. అంకె తర్వాత రాసుకున్నడు. పైసలు కౌంటర్ల తీసుకున్నది కూడా ఆయననే, ఆమెను బెంచీ మీద కూసోమన్నడట. అడిగితే "మిత్తి" అన్నడు. గొడవ పడితే 500 వాపస్ ఇచ్చిండు, అంతే.

అప్పటి సంది మేం పద్ధతి మార్చినం. సాక్షిగా అదే బ్రాంచిల ఖాతా ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మను అడిగినం. బాకీ ఇచ్చేటోడు, తీసుకునేటోడు సాక్షి ఉండద్దు. మొదలు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటం, ఎంత ఉన్నదో టీచరమ్మ గట్టిగ చదువుతది. ఎంత తీయాలో బాపమ్మ నోటితోని చెప్తది. ఫారం మీద అంకెల, అక్షరాల రెండూ రాసినంక, అంకె పక్కన ఖాళీ లేకుండ గీత కొట్టినంకనే వేలు ప్యాడ్ మీద పెడుతది. ముద్ర పక్కన టీచరమ్మ "ఇది ఫలానా ఆమె కుడి బొటనవేలి ముద్ర" అని రాసి, ముద్ర తర్వాత సంతకం పెడుతది, ముందు పెట్టదు. నోట్లు కౌంటర్ కాడ బాపమ్మ చేతికే. ఆమె రంగు చూసి, లెక్క పెట్టి తీసుకుంటది. పోయే ముందు మళ్లా ప్రింట్.

చాలామంది "సంతకం నేర్పుర్రి, ముద్ర ఎందుకు, నామోషీ" అంటరు. నేర్పితే మంచిదే గని, తొందరపడి ఖాతాను సంతకానికి మార్చద్దు. మా పక్కింటి అత్త సంఘంల పేరు రాసుడు నేర్చుకొని సంతకంతోనే ఖాతా తీసింది. ఆ సంతకం ఒక్కోసారి ఒక్కో తీరు పడుతది, "కలుస్తలేదు" అని రెండుసార్లు తిప్పి పంపిండ్రు. వేలు మాత్రం మారదు. చట్టంల కూడా ముద్ర తక్కువది కాదు: 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, పేరు రాయరానోళ్లు పెట్టే గుర్తును కూడా సంతకం కిందనే లెక్క పెడుతది.

ఇంకో ముచ్చట, నామినీ. సంతకం పెట్టేటోళ్లకు ఆ ఫారంల సాక్షులు అక్కర లేదు. వేలిముద్ర అయితే మాత్రం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలె. మా ఫారంల ఆ గడులు ఖాళీగనే ఉన్నయ్, అంటే నామినేషన్ సరిగ్గా కానట్టే. మళ్లా రాయించినం. తాత పోయినప్పుడు ఆయన ఖాతాల ఉన్న కొద్ది పైసల కోసం నాయిన ఎన్నిసార్లు తిరిగిండో చూసిన గనక ఇది వదలలే.

గూడెంల తిరిగే బ్యాంక్ మిత్ర మిషన్ వేరే. దానికి సాక్షి అక్కర లేదు, వేలు ఆధార్‌తోని కలిస్తే చాలు. గని పొలం పని చేసి బాపమ్మ వేలి గీతలు అరిగినయ్, బొటనవేలు పడుతలేదు. చెయ్యి కడిగి తుడిచి ఉంగరపు వేలు పెడితే పడ్డది, ఆధార్‌ల పది వేళ్లూ ఉంటయ్. "ఫెయిల్ అయింది, మళ్లా పెట్టు" అంటే మాత్రం ఫెయిల్ చిట్టీ చేతికి ఇచ్చినంకనే రెండోసారి పెట్టాలె. మిషన్ కాడ సాక్షి ఉండడు గనక ఆ చిట్టీనే సాక్షి.

మొన్న యాసంగి పైసలకు నేను లేను. బాపమ్మ టీచరమ్మను తీసుకొని పోయిందట. క్లర్కు ఫారం ముందుకు జరిపి "ఇక్కడ వేలు పెట్టు" అంటే, "అంకె రాసినవా బిడ్డా? ఏదీ, ఆమెను చదవనియ్" అన్నదట. టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. పాస్‌బుక్ ఇప్పుడు బాపమ్మ బియ్యం డబ్బా అడుగున, కవరుల చుట్టి ఉంటది.