అమ్మ స్కోరు సున్నా

పోయిన నెల పన్ను నొప్పితో డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళొచ్చాక, ఊరికే ఉండలేక నా స్కోరు నేనే వేసుకున్నాను. పుచ్చినది ఒకటి, పుచ్చితే పీకేసినది ఒకటి, సిమెంట్ పెట్టినవి రెండు. మొత్తం నాలుగు. కాలేజీలో క్లిప్పుల కోసం పీకించుకున్న రెండు పళ్ళు లెక్కలోకి రావు, అవి పుచ్చి పోయినవి కావు కదా. పాల పళ్ళూ రావు. ఈ లెక్కనే డీఎంఎఫ్‌టీ అంటారు. 1938లో అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ అనే ముగ్గురు బడిపిల్లల నోళ్ళు చూసి తయారుచేశారు.

ప్రోగ్రామర్‌గా నాకు వెంటనే తట్టిందేంటంటే, ఈ కౌంటర్ పైకే పోతుంది. నొప్పి పెడుతున్న పంటికి సిమెంట్ పెట్టిస్తే అది 'పుచ్చినవి' లోంచి 'సిమెంట్ పెట్టినవి' లోకి మారుతుందంతే, మొత్తం నాలుగే. ఎంత మంచి వైద్యం చేయించినా నా స్కోరు తగ్గదు. మరి ఒక ఊరి సగటు ఎలా తగ్గుతుంది? తర్వాత పుట్టినవాళ్ళు తక్కువతో ఉంటేనే. అందుకే ఒకే వయసు పిల్లల్ని ఏళ్ళ తరబడి పోల్చి చూడాలి.

1945 జనవరిలో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్ళలో లీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. పక్కనున్న మస్కీగన్‌ని పోలిక కోసం అలాగే వదిలేశారు. పదకొండేళ్ళకి, ఫ్లోరైడ్ కలిపాక పుట్టిన పిల్లల్లో పుచ్చుపళ్ళు అరవై శాతానికి పైగా తగ్గాయి. ఈలోగా 1951లో మస్కీగన్ కూడా ఫ్లోరైడ్ కలిపేసుకుంది. పోలికకి ఊరు లేకుండా పోయింది! వాళ్ళని మాత్రం ఏమనగలం, పిల్లల పళ్ళు కదా.

ఇదంతా చెబితే అమ్మ నమ్మలేదు. "ఏంది బిడ్డా, పైసలు పెట్టి నీళ్ళల్ల కలుపుకున్నరా?" అంది.

అమ్మది నల్లగొండ జిల్లా. చిన్నప్పుడంతా బావినీళ్ళే. పళ్ళు చిగుళ్ళలో తయారవుతున్న వయసులో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా పోతే ఎనామెల్ మీద మచ్చలు పడతాయి, ఇంకా ఎక్కువైతే గుంటలు పడతాయి. తర్వాత నీళ్ళు మార్చినా పోవు. అసలు గ్రాండ్ రాపిడ్స్ కథ మొదలైందే ఇలాంటి పళ్ళతో. ట్రెండ్లీ డీన్ మచ్చల పళ్ళ ఊళ్ళు తిరుగుతూ, అక్కడి పిల్లలకి పుచ్చుపళ్ళు తక్కువని గమనించాడు. మచ్చలు పెద్దగా పడకుండా పుచ్చు మాత్రం తగ్గే మోతాదు వెతికితే, ఆ ఒక్క మిల్లీగ్రాము దగ్గర ఆగాడు.

అమ్మని నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి లెక్కపెట్టాను. గోధుమరంగు చారలు, ముందు పళ్ళకి గుంటలు. పుచ్చినవి లేవు, పీకినవి లేవు, సిమెంట్ లేదు. డీఎంఎఫ్‌టీ సున్నా. మచ్చలకి డీన్ వేరే కొలమానం పెట్టాడు, అందులో అమ్మది అన్నిటికన్నా పై మెట్టు. నడుం వంగక, వెనక్కి చూడాలంటే ఒళ్ళంతా తిప్పే తాతయ్య మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ లేడు.

"ఎన్నొచ్చినయ్?" అంది.

"సున్నా అమ్మా. నాకంటే నీవే మంచివి."

చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళి ఫోటోలో కూడా పెదాలు మూసుకునే ఉంది.