ముగ్గురిలో భర్త ఎవరు?

బేతాళుడి షరతు విచిత్రమైనది. రాజు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడుస్తుంటే, ఆ శవంలో దూరిన బేతాళుడు ఒక కథ చెబుతాడు. చివర ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. నోరు విప్పితే మౌనం చెడిపోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చెప్పినా నష్టమే, చెప్పకపోయినా నష్టమే. కానీ ఈ రెండు నష్టాలూ సమానం కావు. చెబితే పోయేది నడిచిన దారి. తెలిసీ దాస్తే పోయేది తల. న్యాయం తెలిసినవాడు తన పని చెడుతుందని నోరు మూసుకుని కూర్చోకూడదని ఆ షరతే చెబుతోంది.

ఈ కథలు మనకు ఎక్కువగా చందమామ ద్వారా తెలుసు. అయితే చందమామలో ఏళ్ల తరబడి వచ్చిన బేతాళ కథల్లో చాలా భాగం ఆ చట్రంలో కొత్తగా రాసినవే. పాత కథలు 25 అని లెక్క. వాటిని 11వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు సంస్కృతంలో కథాసరిత్సాగరంలో చేర్చాడు. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. జనం నోట అతడే విక్రమార్కుడయ్యాడు. నేను పిల్లలకు చెప్పేది ఆ పాత కథలే. మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతికి ఏటా రెండు కథలు చెబుతాను. రెండే చాలు, ఎందుకంటే ఒక్కో కథకు వారం పడుతుంది.

మొదటిది మందారవతి కథ. యమున ఒడ్డున ఒక అగ్రహారంలో అగ్నిస్వామి అనే బ్రాహ్మణుడికి మందారవతి అనే కూతురు. ముగ్గురు యువకులు ఆమెను అడగడానికి వచ్చారు. ఒకరికిస్తే మిగిలిన ఇద్దరూ ప్రాణం తీసుకుంటారని భయపడి తండ్రి ఎవరికీ ఇవ్వలేదు. ఇంతలో ఆమె జ్వరంతో చనిపోయింది. దహనం అయ్యాక ఒకడు శ్మశానంలోనే గుడిసె వేసుకుని, అడుక్కుని తింటూ, ఆమె బూడిద మీదే పడుకున్నాడు. రెండోవాడు ఎముకలు తీసుకుని గంగకు వెళ్లాడు. మూడోవాడు సన్యాసిగా తిరుగుతూ ఒక ఇంట్లో భోజనానికి దిగాడు. ఆ ఇంటి ఇల్లాలు ఏడుస్తున్న బిడ్డను కోపంతో మంటలో పడేసింది. అతిథి తినకుండా లేచిపోతుంటే, ఇంటాయన ఒక పుస్తకం తెరిచి మంత్రం చదివి, దుమ్ము చల్లి బిడ్డను బతికించాడు. ఆ రాత్రి మూడోవాడు ఆ పుస్తకాన్ని ఎత్తుకొచ్చి, అదే మంత్రంతో మందారవతిని లేపాడు. ముగ్గురూ మళ్లీ తగువుకు దిగారు. ఆమె ఎవరి భార్య?

ఇక్కడ నేను ఆపేస్తాను. రాజు జవాబు చెప్పను. ముందు పిల్లలు తీర్పు చెప్పాలి. ఒక్కటే నియమం: "ఎవరు" అన్న వెంటనే "ఎందుకు" రావాలి.

ఏటా ఎక్కువ చేతులు మూడోవాడికే లేస్తాయి. "బతికించింది వాడే కదా సార్" అంటారు. అప్పుడు ఎవరో ఒకరు లేచి, "బూడిదను కాపలా కాయకపోతే మంత్రం దేని మీద చల్లేవాడు?" అని అడుగుతారు. ఇంకొకరు, "వాడు పుస్తకం దొంగిలించాడు, దొంగ సొమ్ముతో పెళ్లేంటి?" అంటారు. అలా రెండు రోజులు గడుస్తుంది. నల్లబల్ల మీద నేను రాసేది వాళ్లు తీర్పు చెప్పడానికి పట్టుకున్న కొలతలు: ఎవరు ఎక్కువ కష్టపడ్డారు, ఎవరు లేకపోతే పని జరగదు, ఎవరి చేతులు శుభ్రంగా ఉన్నాయి. మూడో రోజుకు వాళ్లకే ఒక సంగతి అర్థమవుతుంది. వాళ్లు మనుషుల గురించి పోట్లాడుకోవడం లేదు, కొలతల గురించి పోట్లాడుకుంటున్నారు.

అప్పుడు రాజు జవాబు చెబుతాను. రాజు ఈ మూడు కొలతల్లో ఏదీ పట్టుకోలేదు. ఎవరు ఎంత చేశారని అడగలేదు. ఎవరు చేసింది ఏ వరస మనిషి చేసే పని అని అడిగాడు. ప్రాణం పోసినవాడు తండ్రి వరస. ఎముకలు గంగలో కలపడం కొడుకు చేసే పని, కాబట్టి రెండోవాడు కొడుకు వరస. శ్మశానంలో కూడా ఆమెను వదలకుండా, ఆమె బూడిదను పక్కగా చేసుకుని పడుకున్నవాడిదే భర్త చేసే పని. కాబట్టి భర్త అతడే. తరగతిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఎక్కువ మేలు చేసినవాడికి ఆ మేలు వల్లే ఆమె దక్కకుండా పోయింది. బతికించడం అతడి బలం అనుకున్నాం. రాజు దాన్నే అడ్డంగా చూపించాడు.

ఈ తీర్పు ఎంత బాగున్నా దానికి హద్దులున్నాయి. అవి కూడా పిల్లలే పట్టుకుంటారు. ఎముకలు గంగకు తీసుకెళ్లడం కొడుకు పని అన్నది ఆ రాజు సమాజంలో అందరూ ఒప్పుకున్న మాట. మా కోయ పల్లెలో ఆ ఆచారం లేదు. పోయినవారి పేర రాయి నిలబెడతాం, ఆ రోజు చుట్టాలంతా కదిలి వస్తారు. "మా దగ్గరైతే రెండోవాడు ఎవరవుతాడు సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. సరైన ప్రశ్న. వినేవాళ్లు ఒప్పుకున్న ఆచారం మీద నిలబడిన తీర్పు ఆ ఊరు దాటితే మళ్లీ మొదటి నుంచి వాదించుకోవాలి.

రెండో హద్దును ఒక ఆడపిల్ల చెప్పింది. వెనక బల్ల నుంచి, లేవకుండానే, "ఆమె లేచి కూర్చుంది కదా. ఆమెనే అడగొచ్చు కదా" అంది. కథలో తండ్రీ అడగలేదు, ముగ్గురు యువకులూ అడగలేదు, బేతాళుడూ అడగలేదు, రాజూ అడగలేదు. ప్రశ్న ఎలా వేశారో దాన్ని బట్టే జవాబు వస్తుంది. "ఆమె ఎవరి భార్య" అంటే ముగ్గురిలో ఒకరిని వెతుకుతాం. "ఆమె ఏమంటుంది" అంటే నాలుగో మనిషి కనిపిస్తుంది.

రెండో కథ ఆఖరిది, 24వ ప్రశ్న. రాజ్యం పోయి, భార్య చంద్రావతితో, కూతురు లావణ్యవతితో అడవి దారిన పారిపోతున్న ఒక రాజును భిల్లులు చంపారు. ఇక్కడ భిల్లులు దోపిడీదారులుగా వస్తారు. నేను ఆ మాటను దాటేయను. చదివి, ఈ కథ ఎవరు ఎవరి కోసం చెప్పారని అడిగి ముందుకు పోతాను. తల్లీకూతుళ్లు అడవిలో నడిచిపోతుంటే వేటకు వచ్చిన చండసింహుడూ అతని కొడుకూ వాళ్ల అడుగుల గుర్తులు చూశారు. ఒక జత పాదాలు పెద్దవి, ఒక జత చిన్నవి. పెద్ద పాదాలు తల్లివై ఉంటాయనుకుని, పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అని మాట ఇచ్చుకున్నారు. తీరా చూస్తే చిన్న పాదాలు తల్లివి, పెద్ద పాదాలు కూతురివి. మాట తప్పకూడదని తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెళ్లాడారు. ఇద్దరికీ పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?

ఇక్కడ మా పిల్లలు పండితులను మించిపోతారు. వావి, గట్టు చూడకుండా మాలో పెళ్లి మాట ఎత్తరు కాబట్టి వరసలు వాళ్లకు అన్నంతో పాటు వచ్చిన చదువు. నల్లబల్ల మీద నాలుగు గీతలు గీస్తాం. తండ్రికి, కూతురికి పుట్టినవాడు రాముడనుకుందాం. కొడుక్కి, తల్లికి పుట్టినవాడు సోముడనుకుందాం. తండ్రి వైపు నుంచి చూస్తే రాముడు, సోముడి తండ్రికి తమ్ముడు. అంటే సోముడికి రాముడు బాబాయి. తల్లి వైపు నుంచి చూస్తే సోముడు, రాముడి తల్లికి తమ్ముడు. అంటే రాముడికి సోముడు మేనమామ. ఇద్దరూ ఒకరికొకరు పెద్దవాళ్లే.

అక్కడితో ఆగదు. బాబాయి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెళ్లి కుదరదు. మేనమామ పిల్లలైతే వరసైనవాళ్లు. మరి సోముడి కూతురిని రాముడు చేసుకోవచ్చా? సోముడి ఇంటి నుంచి చూస్తే ఒక జవాబు, రాముడి ఇంటి నుంచి చూస్తే ఇంకొకటి. రెండూ తప్పు కాదు, రెండూ కలిసి నిలబడవు.

రాజు ఇక్కడ మౌనంగా ఉండిపోయాడు. అప్పటిదాకా 23 ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు ఈ ఒక్కదానికి చెప్పలేదు. తెలియదు కాబట్టి తల పగలలేదు. మొదటి కథలో ఏ కొలత పనిచేసిందో, ఎవరి పని ఏ వరసది అన్న ఆ కొలతే ఇక్కడ ఒకే మనిషికి రెండు వరసలు తెచ్చిపెట్టింది. అది తెలిసి రాజు ఏదో ఒకటి కల్పించి చెప్పలేదు. బేతాళుడు మెచ్చింది అందుకే. అప్పుడే అసలు రహస్యం చెప్పాడు: శవాన్ని తెమ్మన్న భిక్షువు రాజును బలి ఇవ్వబోతున్నాడు, సాష్టాంగపడమని అడుగుతాడు, "నాకు అలవాటు లేదు, ముందు నువ్వు చేసి చూపించు" అనమన్నాడు. రాజు అలాగే అన్నాడు. భిక్షువు వంగగానే అతని తల నరికాడు. జవాబు చెప్పడం తెలిసినవాడికి, ఎక్కడ ఆగాలో కూడా తెలుసని తేలాకే ఆ రహస్యం దక్కింది.

కథలు అయ్యాక నేనే ఒక ప్రశ్న కట్టి ఇస్తాను. పిల్లలు లేని ఒక అవ్వకు రెండెకరాల పొలం ఉంది. ఒక మేనల్లుడు ఆసుపత్రి ఖర్చు పెట్టాడు. ఇంకొకడు మూడేళ్లుగా పొలం దున్ని గింజలు ఇంటికి చేర్చాడు. మూడోవాడు డబ్బూ పెట్టలేదు, దున్ననూ లేదు, రోజూ రాత్రి ఆమె ఇంటి అరుగు మీద పడుకుని మంచినీళ్లు అందించాడు. పొలం ఎవరిది? మన ఊళ్లలో పెద్దల ముందుకు వచ్చేవి ఇలాంటివే. ఖర్చు లెక్క గట్టిగా చెప్పినవాడి వైపు మాట మొగ్గడం నేను చూశాను. ఖర్చుకు చీటీ ఉంటుంది, అరుగు మీద పడుకున్నదానికి ఉండదు.

పిల్లలు నోటు పుస్తకంలో మూడు గళ్లు గీస్తారు: ఎవరు ఏం చేశారు, అది అప్పా, కూలీనా, బంధమా, ఆ మాట మన ఊరు ఒప్పుకుంటుందా. ఆసుపత్రి ఖర్చు అప్పు, తీర్చవచ్చు. దున్నింది కూలీ, లెక్క కట్టవచ్చు. అరుగు మీద పడుకున్నది బంధం, దానికి లెక్క లేదు. అంతవరకు రాజు దారి. కిందటేడు ఒక జట్టు ఆ మూడు గళ్ల కంటే ముందు ఇంకో గడి గీసింది. అందులో ఒకే మాట రాసింది: "అవ్వ బతికే ఉందా?"