సగటు దగ్గర ఎవరూ లేని తరగతి

ఎం.ఏ. సోషియాలజీ వాళ్లకు జెడ్ స్కోరు చెబుతూ నేనొక తప్పు చేశాను. లెక్క తప్పలేదు. దాన్నుంచి తేల్చి చెప్పిన మాట తప్పింది.

తరగతిలో 60 మంది. సామాజిక సిద్ధాంతాల పేపర్లో సగటు 62, ప్రామాణిక విచలనం 10. స్టాటిస్టిక్స్‌లో సగటు 48, విచలనం 13. ఒక అమ్మాయికి మొదటిదాంట్లో 65, రెండోదాంట్లో 55 వచ్చాయి. స్టాటిస్టిక్స్ అందరికీ కష్టమైంది కాబట్టి ఈ రెండు అంకెల్నీ నేరుగా పోల్చలేం. వచ్చిన మార్కుల్లోంచి సగటు తీసేసి, మిగిలినదాన్ని విచలనంతో భాగించాలి. అదే జెడ్ స్కోరు. సిద్ధాంతాల్లో 3ను 10తో భాగిస్తే 0.3. స్టాటిస్టిక్స్‌లో 7ను 13తో భాగిస్తే సుమారు 0.54. ఇంతవరకు బాగానే ఉంది.

తర్వాత నార్మల్ పట్టిక తెరిచాను. 0.3కి దిగువన 61.8 శాతం, 0.54కి దిగువన 70.5 శాతం అని ఉంది. ‘‘సిద్ధాంతాల్లో నీ పైన 23 మంది, స్టాటిస్టిక్స్‌లో 18 మందే అమ్మా. ఆప్షనల్‌గా అదే తీసుకో’’ అన్నాను.

‘‘స్టాటిస్టిక్స్‌లో మా హాస్టల్లోనే నాకంటే ఎక్కువ వచ్చినవాళ్లు ఇరవై మందికి పైనే ఉన్నారు సార్’’ అంది.

మార్కుల రిజిస్టరు తీసి వరసగా లెక్కపెట్టాను. సిద్ధాంతాల్లో ఆమె పైన 23 మందే ఉన్నారు. స్టాటిస్టిక్స్‌లో 25 మంది తేలారు. అంటే నా సలహా తలకిందులైంది.

అయిదేసి మార్కుల చొప్పున గుంపులు చేసి పటం గీస్తే కారణం కనబడింది. సిద్ధాంతాల మార్కులు మధ్యలో ఎత్తుగా, రెండువైపులా ఒకేలా దిగుతూ ఉన్నాయి. స్టాటిస్టిక్స్‌లో రెండు గుట్టలున్నాయి. ఇంటర్లో లెక్కలు చదవనివాళ్లు 36 చుట్టూ, ఎం.పి.సి. నుంచి వచ్చినవాళ్లు 60 చుట్టూ చేరారు. సగటు 48 దగ్గర దాదాపు ఎవరూ లేరు. నార్మల్ పంపిణీ అయితే సగటుకు అటూ ఇటూ అర విచలనం లోపల, అంటే సుమారు 42 నుంచి 54 వరకు, 38 శాతం మంది ఉండాలి. 60 మందిలో అది 23. నాకు దొరికింది 8 మంది.

మార్కుల్ని జెడ్ స్కోర్లుగా మారిస్తే అవి నార్మల్ అయిపోతాయని ఎక్కడో లోపల అనుకున్నాను. అలా కావు. సగటు సున్నా అవుతుంది, విచలనం ఒకటి అవుతుంది. గుట్టలు రెండూ రెండుగానే ఉంటాయి. ఆమె మార్కులు సగటుకు 0.54 విచలనాల పైన ఉన్నాయన్నది ఇప్పటికీ నిజమే. ఆమె పైన ఎందరున్నారన్నది మాత్రం పంపిణీ ఆకారాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు పట్టిక తెరిచేముందు పటం గీయిస్తున్నాను, సగటు చుట్టూ ఎందరున్నారో లెక్కపెట్టిస్తున్నాను. రిజిస్టరు చేతిలో ఉంటే ర్యాంకుకు పట్టిక అక్కర్లేదు. సగటు, విచలనం మాత్రమే తెలిసినప్పుడు పట్టిక వాడాల్సి వస్తే, ‘పంపిణీ నార్మల్ అనుకుంటే’ అన్న షరతు జవాబులోనే రాయమంటున్నాను.