చివరి ముక్క నుంచి మొదలుపెట్టండి

జర్మనీలో కొత్తగా అద్దెకు దిగినవాడికి ఎదురయ్యే పొడుగు మాటల్లో ఒకటి వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. అప్పుడు అడిగే కాగితం పేరిది.

ఇలాంటి మాటను కుడివైపు నుంచి విప్పాలి. చివరి ముక్క బెష్టేటిగుంగ్ అంటే ధ్రువీకరణ. అంటే ఇదొక ధ్రువీకరణ పత్రం, ముందున్నదంతా అది ఏ రకందో చెప్పడానికే. గేబర్ అంటే ఇచ్చేవాడు, వోనుంగ్ అంటే ఇల్లు. ‘ఈయనకి ఇల్లిచ్చాను’ అని యజమాని సంతకం పెట్టే కాగితమన్నమాట. మధ్యలో ఉన్న ‘స్’కి అర్థమేమీ లేదు, అది అతుకు. ‘ఉంగ్’ ప్రత్యయంతో ముగిసే నామవాచకం వెనక ఇంకో మాట చేరితే ఈ అతుకు పడుతుంది. కాబట్టి ‘ఉంగ్స్’ కనబడిన చోట కత్తెర పెట్టొచ్చు. లింగం కూడా చివరి ముక్కదే. ఇల్లిచ్చినాయన మగవాడైనా ఈ మాట స్త్రీలింగమే.

బడిలో తత్పురుష సమాసాలకు విగ్రహవాక్యాలు రాసినవాళ్లకి ఇది పాత విద్యే. రాజభటుడిలో ‘యొక్క’ మాయమైనట్టే జర్మన్ కూడా ముక్కల మధ్య సంబంధాన్ని మింగేస్తుంది. అసలు చిక్కు అక్కడే. హోటల్ మెనూలో కాల్బ్స్‌ష్నిట్సెల్ అంటే దూడ మాంసంతో చేసింది. దాని కిందే ఉండే కిండర్‌ష్నిట్సెల్ పిల్లల కోసం చేసింది. వ్యాకరణం ఈ తేడా చెప్పదు, లోకజ్ఞానం చెప్పాలి.

షాడెన్‌ఫ్రొయ్‌డె కూడా అంతే. ఫ్రొయ్‌డె సంతోషం, షాడెన్ నష్టం. (ఇక్కడి ‘ఎన్’ అతుకు కాదు, మాటలో భాగమే.) ఎవరి నష్టమో మాటలో ఎక్కడా లేదు. తన నష్టానికి తానే సంకలు గుద్దుకునేవాడు ఉండడు గనక పక్కవాడిదని మనమే పూరించుకుంటాం.

కోత తప్పితే అర్థమే మారిపోయే మాటలూ ఉన్నాయి. ష్టౌబెకెన్‌ను ‘ష్టౌ’ దగ్గర విరిస్తే నీళ్లు నిలవచేసే జలాశయం. ‘ష్టౌబ్’ దగ్గర విరిస్తే దుమ్ము పట్టిన మూలలు. రాతలో రెండూ ఒకటే. పలికేవాడు మాత్రం రెండోదాన్ని ‘ష్టౌప్’ అని, చిన్న విరుపిచ్చి ‘ఎకెన్’ అంటాడు.

సరిగ్గా కోసినా లొంగని మాట ఫైయర్‌ఆబెండ్. ఆబెండ్ సాయంత్రం, ఫైయర్ వేడుక. ఏదో విందు సాయంత్రం అనుకుంటాం. పూర్వం ఇది పండుగ ముందటి సాయంత్రం. తర్వాత రోజువారీ పని ముగిసే వేళకీ, ఆ పైన దొరికే తీరికకీ పేరైంది. దుకాణం మూసే వేళ ‘ష్యోనెన్ ఫైయర్‌ఆబెండ్’ అని సాగనంపుతారు. వేడుకా అక్కర్లేదు, సాయంత్రమూ అక్కర్లేదు. రాత్రి డ్యూటీ దిగే నర్సుకి ఫైయర్‌ఆబెండ్ పొద్దున్న ఆరింటికి.