నోటీసు బోర్డు మీద రెండు ఏకాదశులు

అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటు కింద, లిఫ్టు పక్కన, ఓ నోటీసు బోర్డుంది. నీళ్ల ట్యాంకరు, మెయింటెనెన్సు బకాయిలు, మామూలుగా దాని మీద ఉండేవి ఇవే. ఒకసారి ఎవరో "రేపు ఏకాదశి, సాయంత్రం విష్ణు సహస్రనామం, అందరూ రండి" అని కాగితం పెట్టారు. మధ్యాహ్నానికల్లా "రేపు" కొట్టేసి, ఎర్ర సిరాతో "ఎల్లుండి" వచ్చింది. దాని కింద ఇంకో చేతిరాత: "ముందు ధర్మసింధువు చదవండి." పక్కనే జవాబు: "మా గురుపరంపర చెప్పిందే మాకు ప్రమాణం." రెండో అంతస్తు బాబాయిగారు, నాలుగో అంతస్తు ఆచార్యులుగారు లిఫ్టులో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేదాకా వెళ్లింది.

చిత్రమేమంటే ఇద్దరూ చూసింది ఒకటే పంచాంగం. తిథి ఎప్పుడు మారుతుందన్న దాంట్లో తగువే లేదు. ఆ రోజు సూర్యోదయం ఆరింటికి. దశమి ముగిసింది తెల్లవారుజామున 4:50కి. సూర్యోదయానికి ఏకాదశి ఉంది కదా, స్మార్తులకు అది చాలు, ఆ రోజే ఉపవాసం. వైష్ణవులు, మాధ్వులు ఇంకాస్త వెనక్కి వెళ్లి చూస్తారు. సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాలు, అరుణోదయం. అది 4:24కి మొదలైంది. అప్పటికింకా దశమి ఉంది. కాబట్టి వాళ్లకది దశమీ విద్ధ, పనికిరాదు. మర్నాడు ద్వాదశినాడు ఉపవాసం. అదే దశమి నాలుగింటికే ముగిసుంటే ఈ గొడవే లేదు. (ఇవి కాక మినహాయింపులు బోలెడున్నాయి. బోర్డు మీద అవన్నీ పట్టవు.)

చిక్కడపల్లి వెళ్లి గుండుసూదులు కొనుక్కొచ్చి, కొత్త కాగితం గుచ్చాను. మొదటి వరుసలో ఏ పంచాంగమో రాశాను. దృక్సిద్ధాంతానికీ పూర్వసిద్ధాంతానికీ తిథి ముగిసే వేళ కొన్నిసార్లు గంటల్లోనే తేడా వస్తుంది; అది చెప్పకపోతే మిగతాదంతా వృథా. రెండో వరుసలో దశమి ముగిసే వేళ, అరుణోదయం, సూర్యోదయం. మూడోదాంట్లో, స్మార్తులకు ఫలానా రోజు, వైష్ణవులకు, మాధ్వులకు ఫలానా రోజు. "సరైనది" అన్న మాట ఎక్కడా వాడలేదు. పాత కాగితం తీసేశాను, దాని మీది వ్యాఖ్యలతో సహా.

ఎర్ర సిరా మళ్లీ రాలేదు. సాయంత్రానికి పెన్సిల్‌తో సన్నగా ఒక్క ప్రశ్న మాత్రం వచ్చింది: "పారణ ఎప్పుడు?"

బాబాయిగారి రాత అది. న్యాయమైన ప్రశ్నే. మర్నాడు ద్వాదశి 5:30కి మొదలవుతుంది. దాని మొదటి పాదం హరివాసరం, అందులో భోజనం కూడదు. ఆ లెక్కన ఆయన పదకొండు నలభై మూడు దాకా ఆగాలి. ఆచార్యులుగారికి మూడోరోజు ద్వాదశి 6:20కే అయిపోతుంది. సూర్యోదయమయ్యాక ఇరవై నిమిషాలే ఉంటాయి. ఆ వేళలు రెండూ నాలుగో వరుసలో చేర్చాను. ఆచార్యులుగారు అది చూసి, "అయితే తులసి తీర్థం ముందురోజు రాత్రే సిద్ధం చేసుకోవాలన్నమాట" అని, ఆ ప్రశ్న ఎవరు రాశారని నన్నడిగారు.