ఒక్క అక్షరం కోసం బ్యాంకుకు లేఖ

మా మదరసా వీధిలోని ఒక సోదరి భర్త ఈ మధ్య మరణించారు. ఆయన పనిచేసిన మిల్లువారు గ్రాట్యుటీ సొమ్మును ఆమె పేర చెక్కుగా పంపారు. చెక్కుపై ఇంటిపేరు SHAIK అని సరిగానే ఉన్నది. బ్యాంకు పాసుపుస్తకంలో మాత్రం SAIK అని ఉన్నది. పేర్లు కలవనందున జమ చేయలేమని కౌంటరులో తిప్పి పంపారు. చెక్కు దానిపై వేసిన తేదీ నుండి మూడు నెలలే చెల్లుతుంది. అప్పటికే ఐదు వారాలు గడిచిపోయాయి.

అరబీలో షీన్ మీది మూడు చుక్కలు తీసివేస్తే సీన్ అవుతుంది. ఇంగ్లీషులో ఆ చుక్కల పని H చేస్తుంది. మక్తబ్ పిల్లలు మొదట్లోనే నేర్చుకునే ఈ తేడా, టైపు చేసిన గుమాస్తా కంటికి ఆనలేదు.

ఆమె మేనల్లుడు మొదట రాసిన అర్జీలో "పేరు మార్చవలెను" అని ఉన్నది. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. పేరు మార్పు అంటే పాత పేరు వదలి కొత్త పేరు పెట్టుకోవడమని బ్యాంకువారు అర్థం చేసుకుంటారు. అందుకే గెజిటు ప్రకటన తెమ్మన్నారు. ఇక్కడ మారిన పేరేమీ లేదు. దిద్దవలసిన అక్షరం ఒక్కటే.

"మౌల్వీ సాబ్, మీరే రాసిపెట్టండి" అని ఆమె కబురు పంపగా ఇలా రాశాను:

"బ్రాంచి మేనేజరు గారికి. విషయం: ఖాతాదారు పేరులో అక్షరదోషం సవరణ. నా పొదుపు ఖాతా రికార్డులో ఇంటిపేరు SAIK అని నమోదైనది. SHAIK అని ఉండవలెను. S తరువాత H లోపించినది. ఖాతా తెరిచిననాడు నేను ఇచ్చిన దరఖాస్తులో, ఆధార్, పాన్ కార్డులలో SHAIK అనియే ఉన్నది. ఇది పేరు మార్పు కాదు, నమోదులో దొర్లిన పొరపాటు. దయచేసి ఆ దరఖాస్తును పరిశీలించి, నా కస్టమర్ నంబరు కింద ఉన్న అన్ని ఖాతాలలోనూ సవరించి, పాసుపుస్తకం మొదటి పుట కొత్తగా ముద్రించి ఇప్పించగలరు."

దీనికి ఖాతా నంబరు, తేదీ, సంతకం చేసిన కార్డు నకళ్లు జతపరిచాము. సంతకం బ్యాంకులోని నమూనాను పోలి ఉండాలి. కనుక ఆమె ఎప్పటివలె ఉర్దూలోనే చేశారు. ఆధార్‌లోనో పాన్‌లోనో వేరే అక్షరాలు ఉండి ఉంటే ఈ లేఖ పనిచేసేది కాదు. ముందు ఆ కార్డును దిద్దించుకొని రావలసి వచ్చేది.

కస్టమర్ నంబరు ప్రస్తావన ఊరకే చేయలేదు. కొన్నిచోట్ల పాసుపుస్తకం మీద కలంతో దిద్ది ముద్ర వేసి పంపుతారు. కంప్యూటరులో తప్పు అలాగే మిగిలి, మరుసటి చెక్కు వచ్చినప్పుడు మళ్లీ బయటపడుతుంది.

ఆమె ఇద్దత్‌లో ఉన్నారు. అవసరార్థం పగటిపూట వెళ్లిరావడానికి ఫిఖ్హ్‌లో వెసులుబాటు ఉన్నందున, కుమారుణ్ణి తోడు తీసుకొని ఆమే స్వయంగా అసలు కార్డులతో వెళ్లారు. లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకున్నారు. మేనేజరు పాత దరఖాస్తు తెప్పించి చూశారు. గళ్లలో H స్పష్టంగా ఉన్నది. గెజిటు మాట మళ్లీ రాలేదు.

ఆరో రోజున కొత్త పుట ముద్రించి ఇచ్చారు. చెక్కు ఆనాడే జమకు వేశారు. డిపాజిట్ రసీదు మీద మాత్రం ఇంకా పాత అక్షరాలే ఉన్నాయి. దాని కోసం ముద్ర వేసిన ఆ ప్రతిని పట్టుకొని వచ్చే సోమవారం మళ్లీ వెళ్లనున్నారు.