తప్పు పట్టికలో కనిపించింది, మూలం ఒక్క మాటలో ఉంది

మా అక్క ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఆ మెసేజ్‌లు కాపీ చేసి ఏఐ చాట్‌లో పెడితే పట్టిక ఇస్తుంది. అక్క వాడే ప్రాంప్ట్ ఇంతే:

```
కింది మెసేజ్‌ల నుంచి పట్టిక చెయ్యి.
గడులు: పంపినవాళ్ల పేరు, పచ్చడి, ఎంత.
ప్రతి గడీ తప్పకుండా నింపు.
```

ఈ ఆవకాయ సీజన్‌లో కట్టిన డబ్బాలకీ, జనం అడిగినదానికీ లెక్క కుదరలేదు. ప్రాంప్ట్ సరిచేసే పని నామీద పడింది.

ఇలాంటప్పుడు చాలామంది ప్రాంప్ట్ మొత్తం తిరగరాసేస్తారు. బాగుపడినా ఏ మాట వల్ల బాగుపడిందో తెలియదు. అందుకే నేను ముందు తప్పుల్నే చదివాను. 20 మెసేజ్‌లు తీసుకుని, ఒక్కోదాన్నీ పట్టికతో పోల్చి చూశాను. 5 తప్పులు. అందులో 4 చోట్ల 'ఒక కిలో' అని ఉంది. అసలు మెసేజ్‌లేమో 'అక్కా, గోంగూర కూడా పంపండి', 'పోయినసారి లాగే మాగాయ'... ఇలా ఉన్నాయి. ఎంత కావాలో వాళ్లు చెప్పనేలేదు! అరకిలో, పావుకిలో అని రాసినవి మాత్రం ఒక్కటీ తప్పు పోలేదు. అంటే కొలతలు అర్థంకాక కాదు, చెప్పనిదాన్ని కల్పిస్తోంది.

కల్పించమని దానికి చెప్పిందెవరు? మూడో లైనే. నింపడానికి ఏమీ లేకపోయినా నింపమంటే ఏదో ఒకటి రాస్తుంది. అది ఉంచేసి కింద 'ఊహించకు' అని చేరిస్తే రెండు మాటలూ కొట్టుకుంటాయి. పైగా ఊహించకపోతే ఆ గడిలో ఏం రాయాలో కూడా చెప్పాలి కదా. కాబట్టి ఆ ఒక్క లైన్ తీసేసి ఇది పెట్టాను:

```
మెసేజ్‌లో లేని గడిలో "అడగాలి" అని రాయి.
```

పాత చాట్‌లోనే అడిగితే ముందు ఇచ్చిన పట్టిక ప్రభావం పడుతుంది. అందుకే కొత్త చాట్ తెరిచి, అవే 20 మెసేజ్‌లు పెట్టాను. అదీ 3 సార్లు. ఒకే ప్రాంప్ట్‌కి ఒక్కోసారి ఒక్కోలా జవాబొస్తుంది మరి.

ఆ 4 గడుల్లోనూ మూడుసార్లూ 'అడగాలి' అనే వచ్చింది. కానీ ఇంతకుముందు సరిగ్గా ఉన్నది ఒకటి చెడింది. 'ఆవకాయ కిలో, మాగాయ కూడా అంతే' అన్న మెసేజ్‌లో మాగాయ దగ్గర రెండుసార్లు 'అడగాలి' అని పడింది. 'అంతే' అంటే కిలో అని మనకు తెలుసు, కానీ 'మెసేజ్‌లో లేని' అన్న మాటను అది మరీ అక్షరాలా తీసుకుంది. నిజానికి ఇలా వదిలేసినా పెద్ద నష్టం లేదు. ఒక ఫోన్ కాల్ ఖర్చు, తప్పు డబ్బా కట్టి పంపడం కన్నా చాలా తక్కువ. అయినా ఆ ఒక్క మాటను 'మెసేజ్ మొత్తం చదివినా తెలియని' అని మార్చాను. మూడుసార్లూ కిలో అనే వచ్చింది, మిగతావి చెక్కుచెదరలేదు. మర్నాడు వచ్చిన కొత్త మెసేజ్‌లతోనూ చూశాను, నిలబడింది.

ఐదో తప్పు మాత్రం అలాగే ఉంది. ఒకావిడ 'మా అత్తగారికి వేరుగా అరకిలో' అని రాస్తే, ఆ డబ్బా కూడా కోడలి పేరు మీదే వస్తోంది. అది వేరే రకం తప్పు కాబట్టే ఇందాక ముట్టుకోలేదు. ఇప్పుడు నా చూపు రెండో లైన్‌లోని 'పంపినవాళ్ల పేరు' మీద ఉంది. దాని బదులు 'ఎవరికి' అని పెట్టి చూడాలి.